నోటీసు అందిన రోజే తొలగింపు ఆపండి: కంపెనీల న్యాయ విభాగాధిపతులకు బహిరంగ లేఖ

హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడలలోని కంపెనీల న్యాయ విభాగాధిపతులకు,



వాణిజ్య వివాదాల్లో ఈమెయిల్ ఆధారాలను వెతికి, సేకరించి, కోర్టు ముందు పెట్టే పని చేసే న్యాయవాదిని నేను. ఈ పనిలో నన్ను ఎక్కువగా బాధించేది దొంగతనంగా చెరిపేసిన మెయిళ్లు కావు. ఎవరూ చెరపకుండానే, ఎవరికీ చెడు ఉద్దేశం లేకుండానే పోయిన మెయిళ్లు. వివాదం మొదలైందని కంపెనీకి తెలుసు, ఏమీ తొలగించవద్దని ఉద్యోగులకు చెప్పారు కూడా. అయినా ఆ మాట వినవలసిన చోటికి చేరలేదు. ఆ చోటు సర్వర్‌లో ఉంది.

అందుకే మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. వివాదం రాబోతోందని తెలిసిన రోజే సంబంధిత మెయిల్‌బాక్సులపై లీగల్ హోల్డ్‌ను సిస్టమ్‌లోనే పెట్టించండి. ఉద్యోగులకు పంపే సూచన ఆ తర్వాత పంపండి. ఇప్పుడు చాలా చోట్ల ఈ వరుస తలకిందులుగా ఉంది. సూచన మొదటి రోజే వెళుతుంది, సిస్టమ్‌లో హోల్డ్ వారాల తర్వాత పడుతుంది. కొన్నిచోట్ల అసలే పడదు.

పాత మెయిళ్లను నిర్ణీత గడువు తర్వాత తొలగించే రిటెన్షన్ పాలసీ చాలా కంపెనీల్లో ఉంటుంది. కొందరు ఏడాది, కొందరు మూడేళ్లు పెట్టుకుంటారు. డిలీటెడ్ ఐటమ్స్ ఫోల్డర్‌కు నెల రోజుల గడువు ఉండడం మామూలే. ఈ నియమంలో తప్పేమీ లేదు. అక్కర్లేని సమాచారాన్ని ఏళ్ల తరబడి దాచుకోకపోవడం మంచి పద్ధతి కూడా. కానీ ఈ నియమం మనిషి చేతిలో ఉండదు. సర్వర్‌లో ఒక ప్రక్రియ దానంతట అది తిరుగుతూ, వయసు మీరిన మెయిళ్లను తీసేస్తుంది. "దయచేసి ఏమీ తొలగించకండి" అని మీరు ఉద్యోగులకు రాసిన మెయిల్‌ను ఆ ప్రక్రియ చదవదు. గడువు వచ్చాక మీ మెయిల్‌ను కూడా అది తొలగిస్తుంది.

ఈ ఒక్క విషయం పట్టించుకోనందుకు ప్రపంచంలోనే అతి పెద్ద కంపెనీల్లో ఒకటి కోర్టులో చిక్కుకుంది. 2010 ఆగస్టులో యాపిల్ ప్రతినిధులు సామ్‌సంగ్‌ను కలిసి, మీ ఫోన్లు మా పేటెంట్లను ఉల్లంఘిస్తున్నాయని చెప్పారు. అదే నెలలో సామ్‌సంగ్ తన ఉద్యోగుల్లో కొందరికి, యాపిల్‌తో వ్యాజ్యం వచ్చే అవకాశం ఉంది కాబట్టి సంబంధిత పత్రాలు భద్రపరచమని సూచన పంపింది. 2011 ఏప్రిల్‌లో యాపిల్ కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టులో దావా వేసింది. ఆ తర్వాత సామ్‌సంగ్ మరింత మందికి సూచనలు పంపింది. సూచనల వరకు లోటు లేదు. కానీ సామ్‌సంగ్ సొంత మెయిల్ వ్యవస్థ మైసింగిల్‌లో రెండు వారాలు దాటిన మెయిళ్లు వాటంతట అవే పోయే ఏర్పాటు ఉండేది. దాన్ని కంపెనీ ఆపలేదు. ఏ మెయిల్ ముఖ్యమో గుర్తించి, రెండు వారాల్లోగా విడిగా దాచుకునే బాధ్యతను ఒక్కొక్క ఉద్యోగికి వదిలేసింది. వాళ్లు నిజంగా దాస్తున్నారా అని తనిఖీ చేయలేదు.

2012 జులైలో మెజిస్ట్రేట్ జడ్జి పాల్ గ్రెవాల్ ఈ పద్ధతిని తప్పుపట్టారు. భద్రపరిచే బాధ్యత దావా వేసిన రోజున కాక, వ్యాజ్యం రావచ్చని సామ్‌సంగ్ స్వయంగా గుర్తించిన 2010 ఆగస్టులోనే మొదలైందని తేల్చారు. పోయిన మెయిళ్లు యాపిల్‌కు అనుకూలంగా ఉండి ఉండవచ్చని జ్యూరీ భావించవచ్చనే సూచనకు ఆదేశించారు. తర్వాత జిల్లా జడ్జి లూసీ కో ఆ తీవ్రతను తగ్గించారు. యాపిల్ కూడా తన వాళ్లకు సకాలంలో సూచనలు ఇవ్వలేదు కాబట్టి, సూచన ఉంటే అది ఇద్దరి మీదా ఒకేలా ఉండాలన్నారు. దీన్నుంచి మనం గ్రహించవలసింది స్పష్టంగానే ఉంది. బెదిరింపు అందుకున్నవారికే కాదు, దావా వేయబోయేవారికి కూడా ఈ బాధ్యత ఉంటుంది. తానే కోర్టుకు వెళ్లాలని అనుకుంటున్న కంపెనీకి వివాదం రాబోతోందని అందరికంటే ముందే తెలుస్తుంది కదా.

పదేళ్లు గడిచాక అదే పొరపాటు చాట్ రూపంలో మళ్లీ కనిపించింది. ఎపిక్ గేమ్స్ గూగుల్‌పై వేసిన ప్లే స్టోర్ కేసులో, హిస్టరీ ఆఫ్‌లో ఉన్న గూగుల్ చాట్ సంభాషణలు 24 గంటల్లో మాయమయ్యేవని బయటపడింది. హోల్డ్ కింద ఉన్న ఉద్యోగులకు కూడా హిస్టరీ ఆన్ చేసుకోవడం వాళ్ల ఇష్టానికే వదిలేశారు. 2023 మార్చిలో జడ్జి జేమ్స్ డొనాటో దీన్ని తీవ్రంగా విమర్శించారు. సాంకేతికత గూగుల్ సొంతం, దాన్ని ఆపే మీట గూగుల్ చేతిలోనే ఉంది. అయినా భద్రపరిచే పనిని కంపెనీ ఉద్యోగి మీద వేసింది. ఆ ఏడాది డిసెంబరులో జ్యూరీ ఎపిక్ పక్షాన తీర్పు చెప్పింది.

ఇదంతా అమెరికా సంగతి, మనకెందుకు అని మీలో కొందరు అనుకోవచ్చు. రెండు కారణాలున్నాయి. మొదటిది, మీలో చాలామంది అమెరికా కంపెనీల హైదరాబాద్ కేంద్రాలకు న్యాయ బాధ్యత వహిస్తున్నారు. అక్కడ మాతృసంస్థ మీద కేసు పడితే, ఆ ప్రాజెక్టులో పనిచేసిన ఇక్కడి ఇంజినీర్ మెయిల్‌బాక్స్ కూడా ఆ కేసులో ఆధారమే. చాలాసార్లు హోల్డ్ పెట్టే అడ్మిన్ కూడా ఇక్కడే కూర్చుని ఉంటాడు. అమెరికా ఫెడరల్ నియమాల్లోని 37(ఇ) 2015 డిసెంబరు నుంచి మారింది. ఆ నియమం ప్రకారం, ఎదుటివారికి దక్కకూడదనే ఉద్దేశంతో ఆధారాన్ని పోగొట్టినప్పుడే అతి కఠినమైన శిక్షలు పడతాయి. కానీ సహేతుకమైన జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్న ప్రశ్న మాత్రం మొదటే వస్తుంది. ఆటో డిలీట్‌ను ఆపకుండా వదిలేసినవారికి ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం.

రెండో కారణం మన చట్టమే. "లీగల్ హోల్డ్" అన్న పేరుతో మన దగ్గర విడిగా నియమం లేదు. కానీ హోల్డ్ లేకపోతే పాటించలేని నియమాలు ఉన్నాయి. 2015 వాణిజ్య న్యాయస్థానాల చట్టం సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 11ను వాణిజ్య వివాదాలకు కొత్తగా రాసింది. దాని ప్రకారం వాది అయినా ప్రతివాది అయినా తన అధీనంలో ఉన్న సంబంధిత పత్రాలన్నిటినీ, తనకు ప్రతికూలమైనవాటిని కూడా, మొదట్లోనే వెల్లడించాలి. ఎలక్ట్రానిక్ రికార్డులు ఇందులోకి వస్తాయి. ఈ బాధ్యత దావా ముగిసేదాకా కొనసాగుతుంది. భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 119వ సెక్షన్ పాత చట్టంలోని 114(జి) ఉదాహరణను అలాగే నిలుపుకుంది. చూపించగలిగి కూడా చూపించని సాక్ష్యం, చూపించి ఉంటే అది దాచినవారికే వ్యతిరేకంగా ఉండేదని కోర్టు ఊహించవచ్చు. ఇక కోర్టులో చూపించకుండా ఉండాలన్న ఉద్దేశంతోనే ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేస్తే, భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు.

మన విధానంలో కాలం ఎలా నడుస్తుందో కూడా చూడండి. అత్యవసర ఉపశమనం అడగని వాణిజ్య దావా వేయాలంటే, సెక్షన్ 12ఎ ప్రకారం ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. దానికి మూడు నెలలు పడుతుంది, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మరో రెండు నెలలు. దావా వేసి సమన్లు అందాక లిఖితపూర్వక జవాబుకు 30 రోజులు, కోర్టు అనుమతిస్తే మొత్తం 120 రోజులు. ఇవన్నీ కలిపితే దాదాపు తొమ్మిది నెలలు. రాజీ ప్రయత్నం జరుగుతున్నంతసేపు న్యాయ విభాగాలు సహజంగానే కాస్త ఊపిరి పీల్చుకుంటాయి. సర్వర్‌లో తొలగింపు మాత్రం ఏ రోజుకా రోజు సాగుతూనే ఉంటుంది.

ఊహించి చెప్పే ఒక కేసుతో దీన్ని లెక్క కట్టి చూద్దాం. సంగారెడ్డి జిల్లాలోని ఒక ఔషధ కంపెనీ, కోల్డ్ స్టోరేజీ యంత్రాలు అమ్మే ఒక సంస్థతో 2024 మార్చి మొదటి వారం నుంచి జూన్ చివరిదాకా మెయిళ్లలో బేరసారాలు జరిపింది. ధరలో బిగింపు ఖర్చు కలిసి ఉందా లేదా అన్నది తర్వాత గొడవైంది. 2025 ఏప్రిల్ 10న సరఫరాదారు నుంచి లాయర్ నోటీసు వచ్చింది. కంపెనీ మైక్రోసాఫ్ట్ 365 వాడుతోంది. 365 రోజులు దాటిన మెయిళ్లను తొలగించాలన్నది పాలసీ. అలా తొలగించిన మెయిల్ వెంటనే పూర్తిగా పోదు. "రికవరబుల్ ఐటమ్స్" అనే దాగిన ఫోల్డర్‌లో, సెట్టింగ్ మార్చకపోతే, 14 రోజులు ఉండి ఆ తర్వాత పోతుంది. అంటే ఒక మెయిల్ అసలు ఆయుష్షు 379 రోజులు. తొలగించే ప్రక్రియ ప్రతి క్షణం తిరగదు, వారానికి ఒకసారైనా తిరుగుతుంది. కాబట్టి కొన్ని రోజులు అటూ ఇటూ అవుతుంది.

నోటీసు వచ్చిన ఏప్రిల్ 10నే హోల్డ్ పెడితే, 2024 మార్చి 27 నుంచి వచ్చిన మెయిళ్లన్నీ దక్కుతాయి. మార్చి మొదటి వారాల సంభాషణ పోయింది, దాన్ని ఎవరూ ఆపలేరు. బిగింపు ఖర్చు గురించిన అసలు చర్చ ఏప్రిల్‌లో జరిగిందనుకుందాం. అది మొత్తం భద్రం. అదే న్యాయ విభాగం ఉద్యోగులకు సూచన పంపి, ఐటీ విభాగానికి నెల రోజుల తర్వాత, మే 10న రాసిందనుకోండి. అప్పుడు దక్కేవి 2024 ఏప్రిల్ 26 తర్వాతి మెయిళ్లే. కేసు ఏ మాట మీద తేలాలో ఆ మాట ఉన్న నెల దాదాపు మొత్తం పోయింది. మధ్యవర్తిత్వం ఫలిస్తుందేమోనని సెప్టెంబరు దాకా ఆగి ఉంటే, బేరసారాల్లో ఒక్క మెయిల్ కూడా మిగిలేది కాదు. ఆలస్యమైన ఒక్కొక్క రోజుకు బేరసారాల్లోని ఒక్కొక్క రోజు చెరిగిపోతుంది. ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు. కానీ ఎదుటి పక్షం తన దగ్గరున్న ఏప్రిల్ మెయిళ్లలో తనకు నచ్చినవి తెచ్చి పెడితే, మిగతా సంభాషణ చూపించడానికి ఈ కంపెనీ దగ్గర ఏమీ ఉండదు.

ఇప్పుడు హోల్డ్ లోపల ఏం చేస్తుందో చెప్పాలి. న్యాయ విభాగాలకూ ఐటీ విభాగాలకూ మధ్య అపార్థం ఎక్కువగా పుట్టేది ఇక్కడే. మీరు "ఈ మెయిల్‌బాక్స్‌కు తొలగింపు నియమం ఆపండి" అని రాస్తే, ఆ మాటను అక్షరాలా పాటించే అడ్మిన్ ఎక్స్ఛేంజ్‌లో రిటెన్షన్ హోల్డ్ అనే సెట్టింగ్‌ను పెట్టవచ్చు. అది నిజంగానే పాలసీని ఆపుతుంది. ఉద్యోగి దీర్ఘకాలిక సెలవు మీద వెళ్లినప్పుడు, అతను చూడకముందే మెయిళ్లు పోకుండా ఉండేందుకు ఉద్దేశించిన సదుపాయం అది. కానీ ఆ ఉద్యోగి తానే ఒక మెయిల్‌ను తొలగించి, డిలీటెడ్ ఐటమ్స్ ఖాళీ చేసి, రికవరబుల్ ఐటమ్స్‌లోంచి కూడా తీసేస్తే దాన్ని రిటెన్షన్ హోల్డ్ కాపాడదు. మీకు కావలసింది లిటిగేషన్ హోల్డ్, లేదా మైక్రోసాఫ్ట్ పర్వ్యూలోని ఈడిస్కవరీ హోల్డ్.

లిటిగేషన్ హోల్డ్ పని తీరు వేరు. పాలసీ పైకి మామూలుగానే నడుస్తుంది. ఉద్యోగి మెయిళ్లు తొలగించుకోవచ్చు, అతనికి ఏ తేడా కనిపించదు. కానీ తొలగించిన ప్రతి మెయిల్ రికవరబుల్ ఐటమ్స్‌లో నిలిచిపోతుంది, 14 రోజుల గడువు దానికి వర్తించదు. మెయిల్‌ను ఎవరైనా మారిస్తే మార్చకముందున్న రూపం కూడా అక్కడ భద్రమవుతుంది. హోల్డ్ పెట్టే సమయానికి ఆ ఫోల్డర్‌లో ఇంకా మిగిలి ఉన్నవి కూడా ఆగిపోతాయి. పైన చెప్పిన లెక్కలో ఆ 14 రోజులు దక్కడానికి కారణం ఇదే. అడ్మిన్ చేయవలసిన పని రెండు ఆదేశాలు.

```
Set-Mailbox purchase.head@example.com -LitigationHoldEnabled $true
Get-Mailbox purchase.head@example.com | FL LitigationHoldEnabled,LitigationHoldDate,InPlaceHolds
```

మొదటి ఆదేశం హోల్డ్ పెడుతుంది. రెండోది అది పడిందో లేదో చూపిస్తుంది. పర్వ్యూ ద్వారా పెట్టిన హోల్డ్ అయితే `InPlaceHolds` వరుసలో దాని గుర్తింపు సంఖ్య కనబడుతుంది. హోల్డ్ అమలులోకి రావడానికి 240 నిమిషాల దాకా పట్టవచ్చని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. కాబట్టి పెట్టిన వెంటనే ఒకసారి, మరునాడు మరోసారి రెండో ఆదేశం నడిపించి, దాని ఫలితాన్ని తేదీతో సహా మీ ఫైలులో పెట్టుకోండి. రేపు కోర్టులో "సహేతుకమైన జాగ్రత్త తీసుకున్నాం" అని చెప్పడానికి ఉద్యోగులకు పంపిన సూచన కంటే ఈ ఒక్క కాగితం ఎక్కువ పనికొస్తుంది.

హోల్డ్ ఎవరి మెయిల్‌బాక్సుల మీద పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. నోటీసులో పేరున్నవాళ్లు ఎటూ ఉంటారు. సీసీలో ఉన్నవాళ్లు, మేనేజర్ మెయిల్ చూసే సెక్రటరీలు, `purchase@` లాంటి ఉమ్మడి మెయిల్‌బాక్సులు తరచూ జారిపోతాయి. టీమ్స్‌లో ఇద్దరి మధ్య జరిగిన చాట్ ఆ ఇద్దరి మెయిల్‌బాక్సుల్లోనే కంటికి కనబడని ఫోల్డర్‌లో ఉంటుంది. కానీ మామూలు చానెల్‌లో జరిగిన సంభాషణ ఆ టీమ్‌కు చెందిన గ్రూప్ మెయిల్‌బాక్స్‌లో ఉంటుంది. మనుషుల మీద హోల్డ్ పెట్టి టీమ్ మీద పెట్టకపోతే చానెల్ సంభాషణలు రక్షణ లేకుండా మిగిలిపోతాయి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది ఉద్యోగం మానేసినవాళ్ల దగ్గర. మన కేసులోని కొనుగోళ్ల మేనేజర్ నోటీసు రాకముందే, మార్చి 20న రాజీనామా చేసి వెళ్లిపోయాడనుకోండి. హెచ్ఆర్ నుంచి సమాచారం అందగానే, అదే రోజు ఐటీ విభాగం అతని ఖాతాను తొలగిస్తుంది. హోల్డ్ లేని ఖాతా అయితే, తొలగించిన తర్వాత 30 రోజులపాటు మాత్రమే దాన్ని తిరిగి తీసుకోవచ్చు. ఆ తర్వాత పాలసీ లెక్కలేమీ ఉండవు, మెయిల్‌బాక్స్ మొత్తం పోతుంది. అంటే నోటీసు అందిన ఏప్రిల్ 10 నాటికి చేతిలో ఉన్నది 9 రోజులు. ఏప్రిల్ 19 దాటితే ఈ వివాదంలో అతి ముఖ్యమైన మనిషి మాటలు ఇక దొరకవు. అదే ఖాతా మీద ముందే హోల్డ్ ఉండి ఉంటే, ఉద్యోగి వెళ్లిపోయినా మెయిల్‌బాక్స్ నిష్క్రియ మెయిల్‌బాక్స్‌గా నిలిచి ఉంటుంది. కాబట్టి నోటీసు రాగానే ఐటీని అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: ఈ వ్యవహారంతో సంబంధం ఉన్నవాళ్లలో గత 30 రోజుల్లో ఎవరి ఖాతాలు తొలగించారు?

హోల్డ్ పరిధి గురించి ఒక హెచ్చరిక, ముఖ్యంగా మన ప్రాంతం కోసం. కొన్ని పదాలున్న మెయిళ్లను మాత్రమే ఆపేలా హోల్డ్ పెట్టే వీలుంది. ఖర్చు తగ్గుతుందని, అనవసరమైనవి నిల్వ ఉండవని చాలామంది దీన్నే ఎంచుకుంటారు. మన కేసులో `installation` అనే పదం పెట్టారనుకోండి. కానీ మన కార్యాలయాల్లో మనుషులు మెయిళ్లు, చాట్‌లు ఎలా రాస్తారో మీకు తెలుసు. అధికారిక ఉత్తరం ఇంగ్లీషులో ఉంటుంది. అసలు సంగతి మాత్రం తెలుగులో, ఇంగ్లీషు అక్షరాలతో రెండు ముక్కల్లో వెళుతుంది. ఒకరు `fitting bill lo veyyakandi` అంటారు, ఇంకొకరు `veyakandi` అని, మరొకరు `veyyoddu` అని రాస్తారు. స్పెల్లింగు మనిషి మనిషికీ మారుతుంది. `installation` అన్న మాట వాటిలో దేనిలోనూ లేదు. ఇంగ్లీషు పదాల జాబితాతో పెట్టిన హోల్డ్ కేసును తేల్చే మాటలను వదిలేసి, పద్ధతిగా రాసిన ఉత్తరాలను మాత్రం భద్రంగా దాస్తుంది. అందుకే భద్రపరిచే దశలో పదాలతో వడపోయకండి. మనిషి, తేదీల పరిధి, ఈ రెండింటితోనే హోల్డ్ గీత గీయండి. పదాలతో వెతకడం తర్వాతి దశలో, తెలుగు తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చేయవలసిన పని. వెతుకులాటలో తప్పు జరిగితే మళ్లీ వెతకవచ్చు. హోల్డ్‌లో వదిలేసింది మళ్లీ రాదు.

హోల్డ్‌కు పరిమితులూ ఉన్నాయి. అది అంతకుముందే పోయినదాన్ని తిరిగి తేలేదు. సర్వర్‌లో లేనిదాన్ని పట్టుకోలేదు. ఉద్యోగి లాప్‌టాప్‌లో పీఎస్‌టీ ఫైలుగా దాచుకున్న పాత మెయిళ్లు, సొంత ఫోన్‌లోని వాట్సాప్ సంభాషణలు దాని కిందికి రావు. ఉద్యోగులకు పంపే సూచన నిజంగా అవసరమయ్యేది ఇక్కడ. సర్వర్ చూసుకోగలిగినదాన్ని సర్వర్‌కు అప్పగించాక, మనిషి మాత్రమే చేయగలిగినదాన్ని ఆ మనిషికి స్పష్టంగా చెప్పాలి. వాట్సాప్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ ఆపమని, పాత ఫోన్ మార్చేముందు తమకు చెప్పమని, పీఎస్‌టీ ఫైళ్లు ఎక్కడున్నాయో తెలియజేయమని రాయండి. "సంబంధిత పత్రాలన్నీ భద్రపరచండి" అన్న ఒక్క వాక్యంతో ఎవరికీ ఏం చేయాలో తెలియదు.

అన్నిటినీ ఎప్పటికీ దాచేస్తే ఏ గొడవా ఉండదు కదా అని ఇంకొందరు అంటారు. దానితో నేను ఏకీభవించను. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 అవసరం తీరిన వ్యక్తిగత సమాచారాన్ని తొలగించమంటుంది. చట్టపరమైన హక్కును నిలబెట్టుకోవడానికి అవసరమైన మేరకు మినహాయింపు ఇస్తుంది. ఆ మినహాయింపు ఒక వివాదానికి, దానితో సంబంధమున్న మనుషులకు, ఆ వివాదం నడిచే కాలానికి చెందినది. ఒక మెయిల్‌బాక్స్‌లో జీతాల వివరాలు, సెలవు కోసం పంపిన వైద్య పత్రాలు, ఇంటి విషయాలు కూడా ఉంటాయి. ఏ కారణమూ రాసిపెట్టకుండా, ఎవరూ మళ్లీ చూడకుండా ఏళ్లపాటు వాటిని పట్టి ఉంచడం ఆ ఉద్యోగికి అన్యాయం. ప్రతి హోల్డ్‌కూ ఏ కేసు కోసమో, ఎవరు అడిగారో, మళ్లీ ఎప్పుడు సమీక్షిస్తారో రాసి ఉండాలి. కేసు, దాని అప్పీలు గడువు పూర్తయ్యాక హోల్డ్ తీసేయాలి. తీసేముందు అదే మనిషి మీద వేరే కేసు హోల్డ్ ఏమైనా ఉందా అని చూడడం తప్పనిసరి. హోల్డ్ తీసిన తర్వాత కూడా ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్ 30 రోజులు ఆగుతుంది, పొరపాటున తీసి ఉంటే సరిదిద్దుకోవడానికి. ఆ తర్వాత, గడువు మీరి ఆగి ఉన్నవన్నీ పోతాయి.

భద్రపరచినదాన్ని కోర్టు ముందుకు తెచ్చే దశ గురించి కూడా ఒక మాట. ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఇప్పుడు రికార్డు హాష్ విలువ కూడా రాయాలి. హోల్డ్ కింద ఉన్న మెయిల్‌బాక్స్ నుంచి నేరుగా ఎగుమతి చేసి, అప్పటికప్పుడే హాష్ తీసినప్పుడు ఈ ధ్రువపత్రం మీద సంతకం చేసే మనిషి ధైర్యంగా చేయగలడు. ఉద్యోగులు ఎవరికి వారు ఫార్వర్డ్ చేసిన మెయిళ్లను పోగుచేసి తెచ్చినప్పుడు, మూల మెయిల్‌లోని పూర్తి హెడర్లు అందులో ఉండవు. దేని మీద సంతకం చేస్తున్నాడో అతనికే తెలియదు.

కాబట్టి ఈ నెలలోనే మూడు పనులు చేయమని మిమ్మల్ని కోరుతున్నాను. ఒకటి, లాయర్ నోటీసు, పోలీసు లేఖ, లేదా మీరే పంపబోయే నోటీసు, ఏదైనా సరే, న్యాయ విభాగానికి తెలిసిన రోజే ఐటీకి హోల్డ్ అభ్యర్థన వెళ్లాలని, ఐటీ మరునాటికల్లా ధ్రువీకరణ పంపాలని రాతపూర్వకంగా పెట్టుకోండి. అభ్యర్థనలో "తొలగింపు ఆపండి" అని కాకుండా "లిటిగేషన్ హోల్డ్ పెట్టండి" అని రాయండి. రెండు, ఉద్యోగి ఖాతాను తొలగించేముందు హెచ్ఆర్, ఐటీ విభాగాలు చూసే జాబితాలో "ఇతని పేరు ఏ వివాదంలోనైనా ఉందా?" అన్న ప్రశ్న చేర్పించి, దానికి న్యాయ విభాగం జవాబిచ్చాకే ఖాతా తీయాలని నియమం పెట్టండి. మూడు, మీ దగ్గర ఇప్పుడు నడుస్తున్న వివాదాలన్నిటి జాబితా తీసి, ప్రతి దానిలోని ముఖ్యుల పేర్ల మీద పైన చెప్పిన రెండో ఆదేశం నడిపించమని అడ్మిన్‌ను అడగండి. `LitigationHoldEnabled` పక్కన `False` అని వచ్చి, `InPlaceHolds` ఖాళీగా ఉన్న ప్రతి పేరు దగ్గర మీ కేసులోంచి రోజుకో రోజు చెరిగిపోతోందని అర్థం. ఆ పేర్ల మీద ఆ రోజే హోల్డ్ పెట్టించండి. ఉద్యోగులకు పంపే ఉత్తరం మరునాడు తీరిగ్గా, జాగ్రత్తగా రాసుకోవచ్చు.

ఇట్లు,
వాణిజ్య వివాదాల్లో ఎలక్ట్రానిక్ ఆధారాలపై పనిచేసే ఒక న్యాయవాది,
హైదరాబాద్